మోట తొండెం కిందికి వేలాడుతోంది: మ్యూజియం డైరెక్టర్ గారికి రాసిన ఉత్తరం



ఈ భాగంలో ఒక ఉత్తరం పెడుతున్నాను. రాసింది నేనే. ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం ఒక మ్యూజియంలో వాలంటీరుగా ఉంటున్నాను. వచ్చినవాళ్ళకు గ్యాలరీ చూపించడం, బడిపిల్లల్ని వరసలో నిలబెట్టడం, అద్దాల మీద చేతులు పెట్టొద్దని చెప్పడం నా పని. జీతం లేదు, మెడలో వేసుకునే ఒక కార్డు ఉంది. ఆ కార్డు బలంతోనే డైరెక్టర్ గారికి ఉత్తరం రాశాను.

ఆ గ్యాలరీలో వ్యవసాయ పనిముట్ల గదిలో ఒక మోట ఉంది. మోట చూడని పిల్లల కోసం చెప్తాను. కరెంటు మోటర్లు రాకముందు బావిలోంచి చేనుకు నీళ్ళు తోడిన పెద్ద తోలు సంచి అది. ఎడ్లు లాగితే పైకొస్తుంది. దాని అడుగున ఏనుగు తొండంలాంటి తోలు గొట్టం ఉంటుంది, దాన్ని తొండెం అంటారు. మ్యూజియం వాళ్ళు ఆ మోటను గోడకు కొక్కెం వేసి తగిలించారు. తొండెం నేల వైపు వేలాడుతుంటుంది. కింద చీటీ మీద "నీళ్ళు తోడే తోలు సంచి, 20వ శతాబ్దం" అని రాసి ఉంది.

మా వాడలో ఒక తాత ఉన్నాడు. ఎనభై దాటినయి. వయసులో ఉన్నప్పుడు మోటలు కుట్టినవాడు. కంటి ఆసుపత్రికి తీసుకొచ్చినప్పుడు బస్సుకు ఇంకా టైముంటే మ్యూజియం చూపించాను. మోట ముందు చాలాసేపు నిలబడి, "తొండెం కిందికిడిస్తే నీళ్ళెట్ల నిలుస్తయి బిడ్డా? బాయిలనే కారిపోవా?" అన్నాడు. ఏడాదిగా ఆ మోటను కనీసం వెయ్యిమందికి చూపించి ఉంటాను. నాకు ఆ సంగతి తట్టలేదు. ఇదీ నేను రాసిన ఉత్తరం.

*

గౌరవనీయులైన డైరెక్టర్ మేడం గారికి,

నమస్కారం. నేను ఆదివారం షిఫ్టు వాలంటీరును. మన వ్యవసాయ పనిముట్ల గదిలోని మోటను తప్పుగా తగిలించాం. దాన్ని సరిచేయమని అడగడానికి మొదలుపెట్టిన ఉత్తరం ఇది. రాస్తూ రాస్తూ అది ఒక ప్రాజెక్టు ప్రతిపాదన అయింది. దయచేసి చివరిదాకా చదవండి.

మోటకు రెండు తాళ్ళుంటాయి. లావుపాటి మోకు మోట మూతికున్న ఇనుప చుట్టుకు కట్టి పైనున్న గిలక మీదుగా ఎడ్లకు పోతుంది. సన్నపు తాడు తొండెం కొసకు కట్టి, కిందనున్న రెండో గిలక మీదుగా పోతుంది. మోట నీళ్ళతో పైకి వస్తున్నంతసేపు ఆ సన్నతాడు తొండెం కొసను మూతితో సమంగా పైకి పట్టి ఉంచుతుంది. అందుకే నీళ్ళు కారవు. మోట ఒడ్డు దాటి ఇంకా పైకి పోతుంటే, కింది గిలక దగ్గరున్న తొండెం కాలువలోకి వాలి నీళ్ళు దుముకుతాయి. రెండు తాళ్ళ పొడవు సరిపోకపోతే నీళ్ళు మళ్ళీ బావిలోనే పడతాయి. ఈ తెలివి ఎక్కడుందో చూపించకుండా మనం దాన్ని "సంచి" అని రాశాం.

ఈ సంగతి నాకు చెప్పింది ఒకప్పుడు మోటలు కుట్టిన ఒక మాదిగ పెద్దమనిషి. తర్వాత ఆయన ఇంటికి మూడుసార్లు పోయాను. ఆయన ఒప్పుకున్నాక ఒక గంటన్నర రికార్డు చేశాను. ఆ ఒక్క రికార్డులో మన చీటీల మీద లేనివి ఏమేం బయటపడ్డాయో చెప్తే, నేను ఏం అడుగుతున్నానో మీకు అర్థమవుతుంది.

మొదట పని గురించి. తోలును సున్నం నీళ్ళ లందలో వారం పది రోజులు వేస్తారు, వెంట్రుక ఊడొస్తుంది. గీకి, కడిగి, తంగేడు చెక్క దంచి నానబెట్టిన నీళ్ళలో వేస్తారు. తర్వాత తోలునే సంచిలా కుట్టి, లోపల తంగేడు చెక్క, నీళ్ళు నింపి కట్టెలకు వేలాడదీస్తారు. నీళ్ళు తోలులోంచి మెల్లగా ఊరి బయటికి కారుతుంటే వాటినే పట్టి మళ్ళీ పైన పోస్తారు. అయిందో లేదో ఎట్లా తెలుస్తుందని అడిగాను. "అంచు కోసి చూడాలె. నడుమ తెల్ల గీత ఉంటే లోపల పచ్చిగున్నట్టు. ఆ తోలుతోని మోట కుడితే ఒక్క కాలంలనే మురుగుతది" అన్నాడు. లోపలి దాకా ఒకటే రంగు వచ్చిందాకా ఆగాలి. నెల దాటుతుందట. మన మోట చీటీలో ఈ నెల రోజుల పని లేదు.

రెండోది, మోట ఎవరిది అనే మాట. "మోటకు ఎంత ఇచ్చేవాళ్ళు?" అని అడిగితే ఆయన నవ్వాడు. మోటకు ధర లేదు. ఒక్కో మాదిగ ఇంటికి కొందరు రైతులు కట్టి ఉండేవాళ్ళు. వాళ్ళకు మోట కుట్టాలి, చిరిగితే అతుకు వెయ్యాలి, చెప్పులు ఇవ్వాలి, చచ్చిన గొడ్డును మోసుకుపోవాలి. కోతలయ్యాక కళ్ళం దగ్గర నిలబడితే మేర అని కొంత గింజ కొలిచి పోసేవాళ్ళు. దొర ఇంటికైతే అదీ లేదు, వెట్టి. "కళ్ళంల ఎక్కడ నిలబడేవాళ్ళు?" అని అడిగాను. ఆయన లేచి, వాకిట్లో ఒక గీత గీసి, దాని అవతల నిలబడి చూపించాడు. రికార్డర్‌లో ఆ జాగాలో చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను కాగితం మీద రాసుకోకపోతే ఆ గీత పోయేది.

మూడోది, ఆ ఇంటి పెద్దమ్మ. నేను తాతతో మాట్లాడుతున్నంతసేపు ఆమె గడపలో కూర్చుని విన్నది. ఆయన బయటికి పోయాక "తంగేడు చెక్క ఎవలు తెచ్చిండ్రో అడగవా?" అంది. చెక్క కొట్టి తేవడం, రోట్లో దంచడం, లందకు నీళ్ళు మోయడం, నానిన తోలును వాగుకు తీసుకుపోయి కడగడం అంతా ఆడవాళ్ళ పని. ఊరి బావి ముట్టనియ్యరు కాబట్టి లంద నీళ్ళకు వాగు దాకా పోవాలి. పని చెప్పమంటే తాత ఈ భాగాన్ని దాటేశాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆ పని ఆయన లెక్కలో లేదు. నేను ఆయన్నొక్కడినే అడిగి వచ్చేసి ఉంటే మన మ్యూజియంలో కూడా లేకుండా పోయేది.

అందుకని నా ప్రతిపాదన ఇది. మన మ్యూజియం చుట్టుపక్కల ఊళ్ళలో తోలు పని చేసిన, చేస్తున్న పన్నెండుమంది దగ్గర మౌఖిక చరిత్ర సేకరిద్దాం. మోట కుట్టినవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, డప్పు మూసేవాళ్ళు. అందులో సగంమంది ఆడవాళ్ళు ఉండాలి, వాళ్ళతో విడిగా కూర్చోవాలి. ఒక్కొక్కరితో గంటన్నర చొప్పున రెండుసార్లు. మొత్తం 36 గంటల రికార్డు అవుతుంది.

పని జరిగే తీరు గురించి నాకు కొన్ని పట్టుదలలు ఉన్నాయి. ఇవి లేకపోతే ప్రాజెక్టు వద్దనే అంటాను.

మొదటిసారి పోయినప్పుడు రికార్డర్ తీసుకుపోవద్దు. ఎవరం, ఎందుకు వచ్చాం, ఈ మాటలు ఎక్కడ పెడతాం అని చెప్పి రావాలి. అంగీకార పత్రం తెలుగులో, చదివి వినిపించేలా ఉండాలి. వేలిముద్ర వేయించుకుంటే పని అయిపోయినట్టు కాదు. రికార్డు అయ్యాక వాళ్ళ మాటలు వాళ్ళకే వినిపించి రెండోసారి అడగాలి. ఒక్కో భాగానికి మూడు దార్లు ఉండాలి: అందరూ వినొచ్చు, పేరు లేకుండా వినొచ్చు, ఇన్నేళ్ళ దాకా ఎవరూ వినకూడదు. తాత తన మాటల్లో వెట్టి చేయించుకున్న ఇంటి పేరు చెప్పాడు. ఆ ఇంటి మనవళ్ళు ఇప్పటికీ ఆ ఊళ్ళో పెద్దలే, తాత మనవడు వాళ్ళ దగ్గరే ట్రాక్టరు నడుపుతాడు. ఆ నాలుగు నిమిషాలు మూడో దారిలో పెట్టాను. చెరపలేదు, తాళం వేశాను. ఆ తాళం మీద మన సంస్థ సంతకం కావాలి, ఎందుకంటే రేపు నేను ఉండకపోవచ్చు.

రాతలోకి మార్చేటప్పుడు వాళ్ళ భాషను దిద్దొద్దు. "లంద"ను "చర్మశుద్ధి తొట్టి" అని రాస్తే లంద పోతుంది. కోసే కత్తి రంపె, కుట్టే సూది ఆరె. మన రిజిస్టర్లో రెండింటికీ "చర్మకారుని పరికరం" అని ఒకటే మాట ఉంది. ఒక గంట రికార్డును ఉన్నదున్నట్టు రాయడానికి నాకు ఏడు గంటలు పట్టింది. 36 గంటలకు 252 గంటలు అవుతాయి, అంటే రోజుకు ఎనిమిది గంటల లెక్కన ఒక మనిషికి 32 రోజుల పని. ఈ పని వాలంటీర్లతో చేయిద్దామని దయచేసి అనకండి. ఆ యాస తెలిసిన, ఆ వాడల్లోని చదువుకున్న పిల్లలకు జీతమిచ్చి చేయిద్దాం.

చెప్పేవాళ్ళకు కూడా డబ్బు ఇవ్వాలి. కూర్చున్న ప్రతి పూటకు 800 రూపాయల లెక్కన 12 మందికి రెండుసార్లకు 19,200 రూపాయలు అవుతుంది. డబ్బిస్తే కథలు కల్పిస్తారని ఒక మాట వినిపిస్తుంది. మనం పిలిచే ఉపన్యాసకులకు రాను పోను ఖర్చులు, శాలువా, కవరు ఇస్తున్నాం. వాళ్ళు కల్పిస్తారని ఎవరూ అనుమానించలేదు.

తారీఖులు తప్పు చెప్తారు, ఇది ఏం చరిత్ర అని కూడా అడుగుతారు. నిజమే, తప్పు చెప్తారు. తాత తన చివరి మోటను పెద్ద కరువు ఏడు కుట్టానన్నాడు. పెద్దమ్మ, కాదు, పెద్దబిడ్డ పెళ్ళైన ఏడు అంది. నేను రెండూ రాసుకున్నాను. ఊరికి కరెంటు ఎప్పుడు వచ్చిందో కాగితాల్లో వెతుకుతాను. కానీ కాగితం దొరికాక కూడా వాళ్ళ మాటల్ని కొట్టెయ్యను. ఇటలీలో టెర్ని అనే ఊళ్ళో 1949లో పోలీసు కాల్పుల్లో ఒక యువ కార్మికుడు చనిపోయాడు. ఆ ఊరి కార్మికుల్లో చాలామంది అది 1953 నాటి ఉద్యోగాల తొలగింపు పోరాటంలో జరిగినట్టు చెప్పేవాళ్ళు. అలెస్సాండ్రో పోర్తెల్లి అనే పరిశోధకుడు దాన్ని మతిమరుపు అని పక్కన పెట్టలేదు. ఆ చావును తమ పెద్ద ఓటమి పక్కన ఎందుకు పెట్టుకున్నారని అడిగాడు. మన తాతకు మోట పోవడం కరువు పక్కన గుర్తుంది, పెద్దమ్మకు పెళ్ళి ఖర్చు పక్కన గుర్తుంది. ఇద్దరికీ మేర ఆగిపోయిన ఏడు అది. ఆ సంగతి కరెంటు ఆఫీసు కాగితంలో ఉండదు.

చివరగా ఒక విన్నపం. ఈ పెద్దల్ని గ్యాలరీలో కూర్చోబెట్టి తోలు పని చేసి చూపించమని అడగొద్దు. మోటను సరిగ్గా ఎలా తగిలించాలో చెప్పడానికి, చీటీ మీద ఏం రాయాలో చెప్పడానికి పిలుద్దాం, నిపుణులకు ఇచ్చే రుసుము ఇద్దాం.

ఇట్లు,
మీ గ్యాలరీ వాలంటీర్

*

మిత్రులారా, ఉత్తరం ఇచ్చిన పన్నెండో రోజు డైరెక్టర్ గారు నన్ను గదికి పిలిచారు. మర్యాదగానే మాట్లాడారు. మోటను సరిచేయిస్తానన్నారు. ప్రాజెక్టు బాగుందన్నారు. తర్వాత, "కులం సంగతి కొంచెం తగ్గించి చేతివృత్తుల వారసత్వం అని పెడితే నిధులు తేలిగ్గా వస్తాయి. చివరి విన్నపం తీసేయండి, జనం ప్రత్యక్షంగా చూడటానికే వస్తారు" అన్నారు. ఆలోచించి చెప్తానని వచ్చాను. నా ఆలోచన మీ ముందు పెడుతున్నాను.

కులం తగ్గిస్తే ఆ రికార్డులో మిగిలేది ఏమిటో లెక్కేసి చూశాను. సున్నం, తంగేడు, తెల్ల గీత మిగులుతాయి. మేర పోతుంది, కళ్ళం దగ్గరి గీత పోతుంది, వాగు దాకా నీళ్ళకు నడిచిన పెద్దమ్మ పోతుంది. మోటకు ధర ఎందుకు లేదో చెప్పలేం. అంటే ఇప్పుడున్న చీటీనే కొంచెం పొడుగ్గా రాసినట్టు అవుతుంది. తాతకు ఆ పని చేతికి ఎట్లా వచ్చిందని అడిగితే "పుట్టుకతోని" అన్నాడు. దాన్ని వారసత్వం అని రాస్తే, ఆయన వద్దనుకునే వీలు లేకపోయిందనే సంగతి కనబడదు. అందుకే ఆ మాటకు ఒప్పుకోను.

కానీ నాకు అసలు కష్టమైన మాట డైరెక్టర్ గారి గదిలో ఎదురు కాలేదు, మా వాడలోనే ఎదురైంది. తాత కొడుకు, నాకు వరసకు బాబాయి, పట్నంలో ఉద్యోగం చేస్తాడు. నేను రికార్డు చేశానని తెలిసి ఫోన్ చేశాడు. "మా నాయన చచ్చిన గొడ్లను మోసిండని మ్యూజియంల బొమ్మ పెడతవా? అది ఇడిపించనీకే కదరా మమ్ముల సదివిచ్చింది. నేను ఉంటున్న ఇంటి ఓనరుకు మా కులం తెల్వదు" అన్నాడు.

ఆయన మాటను కొట్టిపారేయలేను. 1927లో మహాడ్‌లో అంబేడ్కర్ మనవాళ్ళకు చెప్పిన మాటల్లో చచ్చిన పశువుల్ని మోయొద్దు, ఆ మాంసం తినొద్దు అన్నది ఒకటి. ఆ పని మానేసినందుకు మన ఊళ్ళలో దెబ్బలు తిన్నవాళ్ళు ఉన్నారు. దళితుల చేత పశువుల కళేబరాలు మోయించడం నేరమని 2015 సవరణతో అట్రాసిటీ చట్టంలోనే రాయించుకున్నాం. ఇంత పోరాడి వదిలించుకున్న పనిని మళ్ళీ అద్దాల గదిలో, పూలదండ వేసి మనకే అప్పగిస్తే బాబాయి భయపడటంలో తప్పేముంది? ప్రత్యక్ష ప్రదర్శన వద్దని నేను రాసింది ఇందుకే. పనిని బతికించడం నా ఉద్దేశం కాదు. ఆ పని చేసినవాళ్ళ మాటను బతికించాలి. ఆ మాటలో పని మానేసిన రోజు కథ కూడా ఉండాలి. రెండో కూర్చోవడంలో తాతను నేను అడగబోయే మొదటి ప్రశ్న అదే: "గొడ్డును మోయనని మొదట ఎవరు అన్నారు? అన్నాక ఏమైంది?"

బాబాయికి కూడా అదే చెప్పాను. మాటలు తాతవి, ఒప్పుకోవాల్సింది తాతే. పేరు మాత్రం ఇంటిల్లిపాదికీ తగులుతుంది కాబట్టి పేరు గురించి ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోమన్నాను. వాళ్ళు వద్దంటే "మోటలు కుట్టిన ఒక మాదిగ పెద్ద" అనే ఉంటుంది. కులం ఉంటుంది, పేరు ఉండదు. డైరెక్టర్ గారు అడిగినదానికి ఇది తలకిందులు. దీనికి బాబాయి ఇంకా ఏమీ అనలేదు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. మన దగ్గర ఇలాంటి పని జరగలేదని కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలోని ఆడవాళ్ళ మాటలతో స్త్రీశక్తి సంఘటన 1986లోనే 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. గోగు శ్యామల గారు టి.ఎన్. సదాలక్ష్మి బతుకు కథను 'నేనే బలాన్ని' పుస్తకంగా తెచ్చారు. మీ సెమినార్ పేపర్ కోసం మీ తాతనో అమ్మమ్మనో రికార్డు చేసే ముందు అవి చదవండి. తర్వాత, ఫోన్ పట్టుకుని ఒక్కసారే పోయి వచ్చెయ్యకండి. ఫ్యాన్, టీవీ ఆపించండి, లేకపోతే ఇంటికొచ్చాక సగం మాటలు వినబడవు. మొదట్లోనే తారీఖు, ఊరు, ఎవరితో మాట్లాడుతున్నారో గొంతుతో చెప్పండి. అసలు ఫైలును వాట్సాప్‌లో పంపితే సరిపోతుందని వదిలెయ్యకుండా వేరుగా రెండుచోట్ల దాచండి. ఒక కాపీ ఆ ఇంట్లో ఇచ్చి రండి. గడపలో కూర్చుని వింటున్న మనిషిని తప్పకుండా అడగండి.

డైరెక్టర్ గారికి రేపు నా జవాబు ఇస్తున్నాను. డబ్బు తక్కువైతే పన్నెండుమంది కాకుండా నలుగురితో మొదలుపెడదాం, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. "కులం" అనే మాట, చివరి విన్నపం మాత్రం తీసెయ్యను. మ్యూజియం కాదంటే మా వాడ కమ్యూనిటీ హాల్లోనే మొదలవుతుంది. కానీ మోట వాళ్ళ గోడ మీద ఉంది కాబట్టి ముందు వాళ్ళనే అడగడం న్యాయం అనిపించింది.

పోయిన ఆదివారం మోటను కొక్కెం మీంచి దించారు. ఎట్లా తగిలించాలో చూపించడానికి తాత వచ్చే వారం వస్తానన్నాడు. బస్సు కిరాయి మ్యూజియం ఇస్తుందా, నేనే పెట్టుకోవాలా అనేది ఇంకా తేలలేదు. తేలినంక తర్వాతి భాగంలో రాస్తాను.

జై భీమ్.